సారీ ఎప్పుడు, ఎక్స్‌క్యూజ్ మీ ఎప్పుడు: రద్దీలోంచి బయటపడేవాళ్ళ కోసం వరసగా

ఆదివారం పొద్దున మా రూమ్‌కి నలుగురైదుగురు వస్తుంటారు, అందరూ కొత్తగా బెంగళూరొచ్చిన మనవాళ్ళే, కర్నూలు, అనంతపురం, నంద్యాల వైపు వాళ్ళు ఎక్కువ. ఇంగ్లీష్ మాట్లాడటం కొంచెం సాఫీగా రావాలని వాళ్ళ బాధ. గ్రామర్ నాకంటే బాగానే వచ్చు వాళ్ళకి, కానీ ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మెట్రోలో జనం మధ్యలోంచి పోవాలంటే సారీ అనాలా, ఎక్స్‌క్యూజ్ మీ అనాలా? మరి పక్కన తెలుగువాళ్ళుంటే ఏమనాలి?" ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక ఈసారి వరసగా రాసేస్తున్నా.

1. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: అయిపోయిందా, ఇంకా అవ్వాలా

నేను కొత్తలో ఎం.జి. రోడ్‌లో దిగేవాడిని. ఒకరోజు స్టేషన్ వచ్చేసింది, నేను లోపలెక్కడో ఉన్నా, ఇక భుజం ముందుకు పెట్టి "సారీ సారీ సారీ" అనుకుంటూ తోసుకుపోయా. మధ్యలో ఒక పెద్దావిడ, చేతిలో పూల కవరు పట్టుకుని ఉన్నారు, వెనక్కి తిరిగి స్వచ్ఛమైన తెలుగులో, "నెట్టేశాక సారీ ఎందుకు బాబూ, నెట్టకముందు ఒక మాట చెప్తే నేనే జరిగేదాన్ని కదా" అన్నారు. కవరులోంచి నాలుగు చామంతులు కింద పడి ఉన్నాయి. ఈ రెండు మాటలకీ తేడా నాకు ఏ క్లాసులోనూ అంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఎక్స్‌క్యూజ్ మీ అనేది పని జరగకముందు అనే మాట. మిమ్మల్ని కొంచెం ఇబ్బంది పెట్టబోతున్నా, ఒప్పుకోండి అని అడగడం. సారీ అనేది జరిగిపోయాక అనే మాట. కాలు తొక్కారు, బ్యాగ్ తగిలింది, వాళ్ళ ఫోన్ జారింది, అప్పుడు సారీ.

కాబట్టి నోరు తెరిచే ముందు మనసులో అడుగుకోవాల్సింది ఇంతే, ఇంకా అవ్వాలా, అయిపోయిందా. అవ్వాలి అంటే ఎక్స్‌క్యూజ్ మీ, అయిపోయింది అంటే సారీ. నూటికి తొంభై సందర్భాల్లో ఇది చాలు, మిగతా పది గురించి ఆరో భాగంలో చెప్తా, ఎందుకంటే ఇంగ్లీష్ వాళ్ళు వాళ్ళ రూల్ వాళ్ళే తప్పుతుంటారు.

2. మాట కంటే ముందు చేసుకోవాల్సినవి

మాట ఎంత మర్యాదగా ఉన్నా వీపు మీద లాప్‌టాప్ బ్యాగ్ ఉంటే లాభం లేదు, మీరు ముందుకెళ్తూ ఎక్స్‌క్యూజ్ మీ అంటుంటారు, వెనక మీ బ్యాగ్ ఇంకొకడి మొహం తుడుస్తూ ఉంటుంది. మీకు కనపడదు కాబట్టి సారీ కూడా చెప్పరు. అందుకే:

- బ్యాగ్ భుజం మీంచి తీసి ముందుకి వేసుకోండి, లేదా చేత్తో కిందికి పట్టుకోండి. ఎక్కేటప్పుడే చేయండి, దిగే ముందు తీయబోతే మోచెయ్యి ఎవరికో తగులుతుంది.
- ఇయర్‌ఫోన్స్ ఒక చెవిలోంచైనా తీసేయండి. చెవుల్లో పాట మోగుతుంటే మన గొంతు మనకి తెలీకుండా పెద్దదైపోతుంది, ఎక్స్‌క్యూజ్ మీ కాస్తా అరుపైపోతుంది.
- తలుపు ఏ వైపు తెరుస్తారో అనౌన్స్‌మెంట్‌లో చెప్తారు, కన్నడలో "ముందిన నిల్దాణ" అని మొదలవుతుంది, అంటే తర్వాతి స్టేషన్. ఆ తర్వాత ఇంగ్లీష్‌లోనూ వస్తుంది. తప్పు వైపు జనాన్ని తోసుకుంటూ పోయి మళ్ళీ వాళ్ళ మధ్యలోంచే వెనక్కి రావడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు, నేను రెండుసార్లు చేశా.

3. ఎక్స్‌క్యూజ్ మీ పలకడం

మనవాళ్ళు చాలామంది "ఎస్క్యూజ్మీ" అని ఒకే ముద్దలా అనేస్తారు. అర్థం కాదని కాదు, అవతలివాళ్ళకి అర్థమవుతుంది, కానీ గబగబా అంటే విసుగు పడుతున్నట్టు వినపడుతుంది. అసలు బలం "క్యూ" మీద పడాలి. ముందున్నది దాదాపు "ఇక్" లాగా చిన్నగా వచ్చి, "స్క్యూజ్" కొంచెం సాగి, "మీ" మెత్తగా దిగాలి.

ఇక ఆ "జ్". మనకి తెలుగులో రెండు జ-లు ఉన్నాయి కదా, జీడిపప్పులో ఉన్నది ఒకటి, జడలో ఉన్నది ఒకటి. జీడిపప్పు జ వాడితే తేడాగా ఉంటుంది. జడ అనేటప్పుడు నాలుక పళ్ళ వెనక్కి వెళ్తుందే, అక్కడికి తీసుకెళ్ళి, కానీ ఆనించకుండా, దోమ గుయ్యిమన్నట్టు గాలి వదలండి. అదీ శబ్దం. సాకు అనే అర్థంలో నామవాచకంగా వాడితే మాత్రం చివర "స్" వస్తుంది, ఎక్స్‌క్యూస్, స్పెల్లింగ్ ఒకటే అయినా.

పలకడం కంటే ముఖ్యమైంది రాగం. చివర్లో గొంతు ఒక్కసారిగా పైకి లేపి "ఎక్స్‌క్యూజ్ మీ?" అంటే అది దారి అడగడం కాదు, "ఏంటీ, ఏమన్నావ్?" అని నిలదీయడం. వినపడనప్పుడు మామూలుగా అడిగేవాళ్ళు కూడా ఉన్నారు, ముఖ్యంగా అమెరికన్లు, కానీ రద్దీలో ఆ రాగం తీస్తే గొడవకి వచ్చినట్టే ఉంటుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి క్యాబ్ డ్రైవర్‌ని పిలవడానికి అలా అన్నదట, ఆయన పాపం "నానేను మాడ్దె మేడమ్" అన్నాడట, నేనేం చేశాను అని.

"సారీ" కూడా అంతే. రెండు మూడు సార్లు పొట్టిగా "సారి సారి" అంటే ఈ ఊళ్ళో ఇంకో ఇబ్బంది, కన్నడలో "సరి" అంటే సరే అని. కాలు తొక్కి సరే సరే అన్నట్టు ఉంటుంది. ఒక్కసారే అనండి, దీర్ఘం తీసి, మొహం చూసి.

4. హూడి నుంచి ఇందిరానగర్: ఒక దిగుడు, మొదట్నుంచి చివరిదాకా

సాయంత్రం ఆరున్నర అనుకోండి, పర్పుల్ లైన్‌లో హూడిలో ఎక్కారు, మెజెస్టిక్ వైపు వెళ్ళే రైలు. కూర్చోవడానికి కాదు కదా పట్టుకోవడానికి కూడా చోటు లేదు, జనం తోస్తూ తోస్తూ మిమ్మల్ని రెండు తలుపులకీ మధ్యలో ఉన్న సీట్ల దగ్గరికి చేర్చేశారు. దిగాల్సింది ఇందిరానగర్. మీకూ తలుపుకీ మధ్య ఆరుగురున్నారు.

బైయప్పనహళ్ళి దాటగానే పని మొదలుపెట్టండి. దాని తర్వాత స్వామి వివేకానంద రోడ్, ఆ తర్వాతే ఇందిరానగర్, అంటే చేతిలో ఒక స్టేషన్ ఉంది. వివేకానంద రోడ్‌లో దిగేవాళ్ళు కదిలినప్పుడు వాళ్ళ వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఎక్కేవాళ్ళు దాన్ని నింపేలోపు ఒకటి రెండు అడుగులు మాట లేకుండానే ముందుకి వచ్చేయొచ్చు. ఇప్పుడు మధ్యలో నలుగురు మిగిలారనుకుందాం.

మొదటి మనిషి. దారి అడక్కండి, ముందు ప్రశ్న అడగండి. ఇంగ్లీష్‌లో "ఆర్ యూ గెటింగ్ డౌన్ హియర్?" అనండి, విదేశాల్లో గెటింగ్ ఆఫ్ అంటారు, ఇక్కడ గెటింగ్ డౌన్ అంటే అందరికీ అర్థమవుతుంది. తెలుగైతే "ఇందిరానగర్‌లో దిగుతారా?" కన్నడైతే "ఇల్లి ఇళీతీరా?" ఆయన అవును అన్నాడంటే మీ పని అయిపోయింది, దాటాల్సిన అవసరమే లేదు, ఆయన వెనకే నిలబడండి చాలు. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా దిగేవాళ్ళనే దాటుకుని పోవడం నేను రోజూ చూస్తా, ఇద్దరూ ఒకే చోట దిగుతారు, మధ్యలో ఊరికే ఒక తోపులాట.

రెండో మనిషి. ఈయన దిగడు. ఇప్పుడు "ఎక్స్‌క్యూజ్ మీ" అని ఆగండి. ఆగడమే ఇక్కడ అసలు పని. ఒక్క సెకను, మనసులో "ఒకటి" అనుకునేంత సేపు. అవతలివాళ్ళ భుజం తిరగడం, లేదా కాలు కొంచెం పక్కకి జరగడం కనపడుతుంది, అదే వాళ్ళ జవాబు, నోటితో ఎవరూ చెప్పరు. అది కనపడ్డాక కదలండి. అంటూనే కదిలితే మీరు అడిగినట్టు కాదు, హారన్ కొట్టినట్టు.

మూడో మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్స్. ఎక్స్‌క్యూజ్ మీ వినపడదు, ఇంకోసారి అన్నా వినపడదు. గొంతు పెంచకండి, ఆయనకి తప్ప బోగీ అంతటికీ వినపడుతుంది. చెయ్యి ఆయన కళ్ళ ముందుకి, ఛాతీ ఎత్తులో, కొంచెం ఆడించి తలుపు వైపు చూపించండి. అదీ చూడకపోతే బ్యాగ్ మీద వేలితో తట్టొచ్చు. అమ్మాయి అయితే అబ్బాయిలు తట్టడం వద్దు, పక్కనున్న ఆడవాళ్ళతో "కొంచెం చెప్తారా మేడమ్" అంటే వాళ్ళే చెప్తారు.

నాలుగో మనిషి జరుగుదామన్నా చోటు లేదు, ముందు కడ్డీ, వెనక ముసలాయన. ఇక్కడ ఒక్క ఎక్స్‌క్యూజ్ మీ సరిపోదు, కారణం చెప్పాలి: "ఎక్స్‌క్యూజ్ మీ, ఐ నీడ్ టు గెట్ డౌన్." కారణం వినగానే ఆయన ఏం చేస్తాడంటే, తలుపు తెరిచాక తనే ఒక అడుగు ప్లాట్‌ఫామ్ మీదికి దిగి, మీరు వెళ్ళాక మళ్ళీ ఎక్కుతాడు. అది ఆయన చేసే పెద్ద సాయం, మీ వల్ల ఆయన నిలబడ్డ చోటు పోవచ్చు కూడా. దాటేటప్పుడు థాంక్యూ ఆయనకి చెప్పండి, గాల్లోకి కాదు.

ఇద్దరు కలిసి దిగుతుంటే ముందున్నవాళ్ళు "ఎక్స్‌క్యూజ్ అస్" అనొచ్చు, అప్పుడు ఇచ్చిన దారి వెంటనే మూసుకుపోదు, వెనక ఇంకొకరున్నారని తెలుస్తుంది. ఇది చాలామందికి తెలీదు.

బీఎంటీసీ బస్సులో కూడా ఇదే వరస, కాకపోతే అక్కడ కండక్టర్‌కి వినపడాలి కాబట్టి ఒక్కసారి గట్టిగా "ఇళీబేకు" అనాల్సిందే, దిగాలి అని. అక్కడ మెల్లగా ఎక్స్‌క్యూజ్ మీ అంటూ కూర్చుంటే తర్వాతి స్టాప్‌లో దిగుతారు.

5. తగిలిందా? అప్పుడు

ఎంత జాగ్రత్తగా ఉన్నా బ్రేక్ పడ్డప్పుడు ఎవరి కాలో తొక్కుతాం. వరస ఇది: ముందు కాలు తీయండి, తర్వాత మొహం చూడండి, అప్పుడు "సారీ", వెంటనే ఒక చిన్న మాట. ఇంగ్లీష్‌లో "ఆర్ యూ ఓకే?" అని. కాలు ఇంకా వాళ్ళ కాలి మీదే ఉండగా సారీ చెప్పేవాళ్ళని చూశా, నవ్వొస్తుంది గానీ తొక్కించుకున్నవాడికి రాదు.

తెలుగులో ఇక్కడ మనకి అలవాటైన పద్ధతి వేరే, మనం క్షమాపణ మాట కంటే ముందు వాళ్ళ నొప్పిని అడుగుతాం. "అయ్యో, తగిలిందా?" "చూసుకోలేదండీ." ఈ రెండూ చాలు, సారీ లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, కానీ సారీ ఒక్కటే చెప్పి తగిలిందా అని అడక్కపోతే మన పెద్దవాళ్ళకి అది పొడిగా ఉంటుంది. కన్నడలో "సారీ, నోడ్లిల్ల" అంటే చూడలేదు అని, "నోవాయ్తా?" అంటే నొప్పి పుట్టిందా అని.

ఇంకో అలవాటు, కాలు తగిలితే చేత్తో వాళ్ళని ముట్టుకుని కళ్ళకద్దుకోవడం. ఊళ్ళో, బంధువుల్లో బాగానే ఉంటుంది. మెట్రోలో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళని ముట్టుకోబోతే మీ ఉద్దేశం మంచిదే అయినా వాళ్ళు ఉలిక్కిపడతారు. చెయ్యి మీ ఛాతీకి ఆనించుకుంటే సరిపోతుంది, అర్థమూ అవుతుంది.

"క్షమించండి" వద్దా అంటే, రద్దీలో వద్దు. అది బరువైన మాట, పెద్ద తప్పు జరిగినప్పుడో, స్టేజి మీదో, ఉత్తరంలోనో వాడేది. మోచెయ్యి తగిలినందుకు క్షమించండి అంటే అవతలివాడు నాటకమాడుతున్నావా అన్నట్టు చూస్తాడు. మా ఇంట్లో మా నాన్న నోట ఆ మాట నేను ఒక్కసారే విన్నా, వియ్యంకుడితో.

6. సారీ ముందే వచ్చే చోట్లు

ఇక్కడే అందరూ తికమక పడతారు. లండన్ నుంచి మీ టీమ్‌తో మాట్లాడేవాళ్ళెవరైనా ఉంటే గమనించండి, వాళ్ళు "సారీ, కెన్ ఐ జస్ట్ స్క్వీజ్ పాస్ట్?" అంటారు, ఇంకా ఏమీ తగలకముందే. బ్రిటిష్ వాళ్ళకి ఇది మామూలు, పిలవడానికీ సారీయే, దారికీ సారీయే. వాళ్ళని చూసి నేర్చుకున్నా తప్పేమీ లేదు, కానీ అడగడం ఆపి తోయడం మొదలుపెట్టకండి. ఆ వాక్యంలో సారీ తర్వాత ప్రశ్న ఉంది చూడండి, అది వాళ్ళ మర్యాదని నిలబెడుతోంది. మనం సారీ మాత్రం తీసుకుని ప్రశ్న వదిలేస్తాం.

రెండోది ఆఫీసులో. మేనేజర్ ఎవరితోనో మాట్లాడుతున్నారు, మీకు ఒక్క విషయం అర్జెంటుగా చెప్పాలి. ఉత్త "సారీ" అంటే నా మొదటి ఉద్యోగంలో అడిగినట్టే అడుగుతారు, "ఫర్ వాట్?" అని. నేను ఏం తప్పు చేశానా అని నేనే ఆలోచించుకుంటూ నిలబడ్డా. అక్కడ వాడాల్సింది "సారీ టు ఇంటరప్ట్" లేదా "సారీ టు బాదర్ యూ", చేయబోయే పనికో, ఇప్పుడే చేస్తున్న పనికో "టు" వస్తుంది. అయిపోయిన దానికైతే "ఫర్", "సారీ ఫర్ ద డిలే" అన్నట్టు.

ఈ "సారీ టు" అనేదానికి తెలుగులో ముత్యంలాంటి మాట ఉంది: "ఏమనుకోకండి." "ఏమనుకోకండి, ఒక్క నిమిషం మీతో పనుంది." ఇది పూర్తిగా సారీ కాదు, పూర్తిగా ఎక్స్‌క్యూజ్ మీ కాదు, రెంటికీ మధ్యలో కూర్చుంటుంది, ముందూ వాడొచ్చు, తర్వాతా వాడొచ్చు. ఎవరి ఒళ్ళోంచో చెయ్యి చాపి కిటికీ వేయాల్సి వచ్చినా, సినిమా హాల్లో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు దాటాల్సి వచ్చినా ఇదే. ఇంగ్లీష్‌లో దీనికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట నాకింతవరకు దొరకలేదు.

7. తెలుగులో దారి అడగడం

ఎక్స్‌క్యూజ్ మీకి తెలుగు మాట ఏంటి అని అడుగుతారు. ఒక్క మాట లేదు, మనం దాన్ని ముక్కలుగా చేస్తాం: పిలుపు, కారణం, కొంచెం, క్రియ. "అండీ, దిగాలి, కొంచెం జరుగుతారా?" నాలుగూ ఉంటే నిండుగా ఉంటుంది. తొందర్లో రెండే మిగుల్చుకోవాలంటే కారణమూ, "అండీ"యే మిగుల్చుకోండి. "దిగాలండీ." ఇది చాలు, మిగతాది విన్నవాళ్ళే పూరించుకుంటారు.

"కొంచెం" బదులు గోదావరి వైపు వాళ్ళు "కాస్త" అంటారు, మా సీమలో "రోంత", తెలంగాణ వాళ్ళు "జర". ఏదైనా ఒకటి ఉండాలి, అది లేకపోతే అడిగినట్టుండదు, చెప్పినట్టుంటుంది.

క్రియ దగ్గర జాగ్రత్త. "జరుగుతారా?" అన్నిటికంటే మెత్తన. "జరగండి", "దారివ్వండి" పర్లేదు, వాటి ముందు "కొంచెం" అనే మాట ఉంటే. "తప్పుకోండి" అంటే మాత్రం మీరు అడ్డం అని మొహం మీద చెప్పినట్టే, సామాను మోసేవాళ్ళు, స్ట్రెచర్ తోసేవాళ్ళు అంటే ఎవరూ ఏమీ అనుకోరు ఎందుకంటే ఆపడం కుదరని పని వాళ్ళది, మీరంటే మాత్రం అనుకుంటారు. "అడ్డం లేవండి" ఇక చెప్పక్కర్లేదు.

8. పిలవడం

ఇప్పుడు జరగమనడం కాదు, ఎవరి దృష్టైనా కావాలి, అడ్రస్ అడగాలి, కౌంటర్‌లో మాట్లాడాలి. ఇంగ్లీష్‌లో మళ్ళీ ఎక్స్‌క్యూజ్ మీయే, కానీ దాని వెనక వెంటనే పని రావాలి, లేకపోతే వాళ్ళు తిరిగి చూసి ఎదురుచూస్తూ ఉంటారు, మీరు మాట వెతుక్కుంటూ ఉంటారు. "ఎక్స్‌క్యూజ్ మీ, ఈజ్ దిస్ ద క్యూ ఫర్ టోకెన్స్?" ఒకే ఊపిరిలో.

నిలబడి తినే దర్శిని హోటళ్ళలో మాత్రం ఇది పనిచేయదు. గిన్నెల చప్పుడు, వెనక పదిమంది, అక్కడ ఎక్స్‌క్యూజ్ మీ అని మర్యాదగా నిలబడితే మీ వెనకాయన కాఫీ తాగి వెళ్ళిపోతాడు. చీటీ ముందుకి చాపి, "సర్, ఒందు కాఫీ" అనండి, అదే అక్కడి మర్యాద.

తెలుగులో పిలుపు మనిషిని బట్టి మారుతుంది, అదే మన కష్టం. ఎవరికైనా చెల్లేది "అండీ", "సర్", "మేడమ్". "ఏమండీ" కూడా బానే ఉంటుంది, కానీ మొగుణ్ణి పిలిచే మాట అని కొంతమంది అమ్మాయిలు మొహమాటపడతారు, వాళ్ళు "సర్" అనుకోవచ్చు. కన్నడలో "రీ" కూడా అంతే, భార్యలూ వాడే పిలుపు, తెలిసీ తెలియకుండా మొదలుపెట్టకండి. ఆటో, బస్సు, షాపుల్లో "అన్నా", "అక్కా" అంటే పని తొందరగా అవుతుంది, కన్నడలో "అణ్ణా". "ఆంటీ" వద్దు, నలభై ఏళ్ళావిడైనా సరే, నా మాట వినండి. "హలో", "ఓయ్", చిటికె, శ్శ్ అనడం, ఇవేవీ మనుషుల్ని పిలిచేవి కాదు.

9. తరచూ జరిగే పొరపాట్లు

*అడక్కుండా సారీ.* తోసే ముందు పర్మిట్ లాగా వాడటం. సరిచేసుకోవడం: నోట్లో సారీ వచ్చేసినా సరే, కాళ్ళు ఆపండి, వెనక "కెన్ ఐ గెట్ పాస్ట్?" కలపండి. బ్రిటిష్ లెక్కలో పడిపోతారు.

*తగిలాక ఎక్స్‌క్యూజ్ మీ.* అమెరికన్లు కొంచెం తగిలితే అంటారు, అది నిజమే. కాలు తొక్కి, కాఫీ ఒలకబోసి అంటే మాత్రం తప్పు వాళ్ళదే అన్నట్టు ఉంటుంది. వెంటనే "సారీ, మై మిస్టేక్" అనండి.

*జవాబివ్వకపోతే అదే మాట ఇంకా గట్టిగా.* మూడోసారి అరవకండి, మాట మార్చండి. ఎక్స్‌క్యూజ్ మీ పనిచేయకపోతే "దిగాలండీ", అదీ కాకపోతే "ఇళీబేకు". ఈ ఊళ్ళో మూడు భాషల్లో ఒకటి తగులుతుంది.

*మన భాష అని చనువు.* పక్కాయన ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విన్నారని "జరుగు బాస్" అనేయకండి. తెలుగు తెలిసినవాడికి నువ్వు, మీరు తేడా కూడా తెలుసు.

10. మీకు చెప్తే ఏమనాలి

ఇది ఎవరూ అడగరు, కానీ ఎవరైనా ఎక్స్‌క్యూజ్ మీ అంటే మనవాళ్ళు "ఇట్స్ ఓకే" అని అక్కడే నిలబడతారు. దానికి జవాబు మాట కాదు, జరగడం. కుదిరితే "ష్యూర్". సారీ అంటే "ఇట్స్ ఓకే" లేదా "నో ప్రాబ్లం". తెలుగులో "పర్లేదండీ", కన్నడలో "పర్వాగిల్ల".

ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకునేవాళ్ళ కోసం:

- ఎక్కగానే బ్యాగ్ ముందుకి
- ఒక స్టేషన్ ముందే కదలిక
- ముందు "దిగుతారా?"
- ఎక్స్‌క్యూజ్ మీ, ఒక సెకను ఆగు, భుజం తిరిగాక కదులు
- కుదరకపోతే కారణం చెప్పు
- తగిలితే కాలు తీసి, మొహం చూసి, సారీ, తగిలిందా
- దారిచ్చినవాళ్ళ మొహం చూసి థాంక్యూ
- చేతిలో పూల కవరు ఉన్నవాళ్ళుంటే ఇంకో వైపు నుంచి